5 లక్షలు ముందుగా కట్టాక గడువు తగ్గించుకోవాలా, కంతు తగ్గించుకోవాలా?

పుత్తూరు_పద్మ
మేము తిరుపతిలో ఇల్లు కట్టుకోవడానికి 30 లక్షల రూపాయలు 20 ఏళ్ల గడువుతో తీసుకున్నాము. మొదటి ఐదేళ్లు 8.5 శాతం స్థిర వడ్డీ. ఆ ఐదేళ్లు గత నెలలో ముగిశాయి, ఇక మీదట చర వడ్డీ అన్నారు, రేటు మాత్రం ప్రస్తుతానికి 8.5 దగ్గరే ఉంది. నెలకు 26,035 రూపాయల చొప్పున అరవై కంతులు కట్టాము. అంటే 15,62,000 రూపాయలకు పైగా కట్టినట్లు. తీరా స్టేట్‌మెంట్ చూస్తే అసలు ఇంకా 26,43,816 రూపాయలు ఉంది. మూడున్నర లక్షల చిల్లర మాత్రమే తగ్గిందని తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

పుత్తూరు దగ్గర మా నాన్నగారి పొలం అమ్మినప్పుడు నా వాటాగా 5 లక్షలు వచ్చాయి. అది మొత్తం అప్పుకే జమ చేయాలని నిర్ణయించుకున్నాను. బ్యాంకులో అడిగితే, కంతు ఇప్పటిలాగే ఉంచి గడువు తగ్గించుకోవచ్చు, లేదా మిగిలిన 15 ఏళ్ల గడువు అలాగే ఉంచి కంతును 21,111 రూపాయలకు తగ్గించుకోవచ్చు, ఏదో ఒకటి రాసివ్వమన్నారు. ఏది రాసివ్వాలో తేలక ఇక్కడ అడుగుతున్నాను.

నిక్కచ్చి_రఘు
ఇందులో ఆలోచించవలసింది ఏమీ లేదు, గడువే తగ్గించుకోండి. మీ అంకెలతోనే లెక్క వేశాను. ముందుగా ఏమీ కట్టకపోతే రాబోయే 15 ఏళ్లలో మీరు చెల్లించే వడ్డీ 20,42,000 రూపాయలు. 5 లక్షలు కట్టి గడువు తగ్గించుకుంటే 124 నెలల్లో, అంటే 10 ఏళ్ల 4 నెలల్లో అప్పు తీరిపోతుంది, వడ్డీ 10,85,000 అవుతుంది. కంతు తగ్గించుకుంటే వడ్డీ 16,56,000 దాకా పోతుంది. రెండింటికీ తేడా 5,71,000 రూపాయలు. బ్యాంకు వాళ్లు మొదటి ఏళ్లలోనే వడ్డీని ముందుగా లాగేసుకుంటారు కాబట్టే మీకు మూడున్నర లక్షలు మాత్రమే తగ్గింది. వాళ్ల చేతిలో ఇంకో 15 ఏళ్లు ఎందుకు ఉండాలి?

అలిపిరి_ట్యాక్సీ
రఘుగారి లెక్క తప్పు అనను కానీ, జీతం ప్రతి నెలా ఒకటో తేదీన వచ్చే వాళ్లకే అది సరిపోతుంది. నాకు రెండు కార్లు ఉన్నాయి, యాత్రికులే నా ఆదాయం. 2019లో నేను కూడా కొంత సొమ్ము ముందుగా కట్టి, కంతు తగ్గించకుండా గడువు తగ్గించుకున్నాను. 2020 మార్చిలో కొండపైన దర్శనాలు ఆగిపోయాయి, జూన్‌లో మొదలైనా పరిమితంగానే. కార్లు ఇంటి ముందే నిలబడ్డాయి. అప్పు ఎన్నేళ్లలో తీరుతుందన్న ఆలోచనే నాకు ఆ నెలల్లో రాలేదు, ఈ నెల కంతు ఎక్కడి నుంచి తేవాలన్నదే బాధ. ఆరు నెలలు వాయిదా వేసుకునే వీలు ఇచ్చారు, వాడుకున్నాను, ఆ ఆరు నెలల వడ్డీ మాత్రం అసలులో కలిసింది. కంతు అయిదు వేలు తక్కువగా ఉండి ఉంటే ఇంట్లో బంగారం బయటికి వెళ్లేది కాదు.

కాణిపాకం_వాసి
పద్మగారూ, మీ ఇంట్లో సంపాదించేది ఎవరు, వారి వయసెంత, రాబోయే నాలుగైదేళ్లలో పెద్ద ఖర్చు ఏదైనా ఉందా? ఈ మూడూ తెలియకుండా ఎవరు సలహా చెప్పినా అది గాలిలో చెప్పినట్లే.

పుత్తూరు_పద్మ
మా వారు శ్రీసిటీలో ఒక కంపెనీలో పని చేస్తారు. వయసు 46, అక్కడ 58కి విరమణ, పింఛను లేదు. నేను ఇంటి దగ్గర కుట్టుపని చేస్తాను, అది నెలనెలా మారుతుంది. మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది, వచ్చే ఏడాది నుంచి నాలుగేళ్లు ఇంజనీరింగ్ ఫీజులు. ఇప్పటి కంతుతో నెల గడుస్తోంది, కానీ ఏమీ మిగలడం లేదు.

తోతాపురి_రైతు
మాది బంగారుపాళ్యం దగ్గర. నాకు బంగారం మీద తీసుకున్న వ్యవసాయ రుణం 3 లక్షలు ఉంది. మామిడికాయ సొమ్ము జూన్, జులైలో చేతికొస్తుంది. అందులో లక్ష కడితే నాకు గడువు తగ్గుతుందా, కంతు తగ్గుతుందా?

పాత_లెడ్జర్
రైతుగారూ, మీ రుణానికి నెలవారీ కంతు లేదు కాబట్టి ఈ ప్రశ్నే మీకు రాదు. లక్ష కడితే ఆ రోజు నుంచి లక్ష మీద వడ్డీ ఆగుతుంది, మిగిలిన దానిని గడువు తేదీకి కట్టడమో తిరగరాయించుకోవడమో చేస్తారు. తేదీ దాటనివ్వకండి, అదొక్కటే చూసుకోవాలి.

ఇక పద్మగారి విషయం. నేను బ్యాంకులో రుణాల విభాగంలో చాలా ఏళ్లు పని చేసి విరమించాను. రఘుగారి అంకెలు సరైనవే, కానీ ఆ అంకెలకు ఆయన చెప్పిన కారణం సరైనది కాదు. బ్యాంకు వడ్డీని ముందుగా లాగుకోదు. ప్రతి నెలా ఆ నెలలో ఉన్న అసలు మీద మాత్రమే వడ్డీ వేస్తుంది. 26,43,816 మీద 8.5 శాతం అంటే నెలకు 18,727 రూపాయలు. 26,035లో అది పోగా మిగిలిన 7,308 మాత్రమే అసలుకు వెళ్తుంది. అసలు పెద్దది కాబట్టి వడ్డీ పెద్దది, అంతకు మించి అందులో మర్మం లేదు.

ఇప్పుడు 5 లక్షలు కట్టగానే, మీరు ఏ కాగితం రాసిచ్చినా సరే, అసలు 21,43,816కు దిగుతుంది, మరుసటి నెల వడ్డీ 15,185 అవుతుంది. రెండు దారుల్లోనూ ఆ నెల వడ్డీ ఒక్కటే. అక్కడి నుంచి దారులు ఎందుకు విడిపోతాయంటే, మొదటి దారిలో మీరు నెలకు 26,035 కడుతూ 10,850 అసలుకు పంపుతారు, రెండో దారిలో 21,111 కడుతూ 5,926 మాత్రమే పంపుతారు. 5,71,000 తేడా అంతా నెలనెలా మీ చేతిలో మిగుల్చుకున్న ఆ 4,924 రూపాయలకు మీరు ఇచ్చే అద్దె. గడువు తగ్గించడం వల్ల బ్యాంకు మీకు విడిగా ఏమీ ఇవ్వదు.

కాబట్టి కంతును 21,111కు తగ్గించుకుని, ప్రతి నెలా అదే తేదీన 4,924 రూపాయలను మీరే రుణఖాతాలో అసలు కింద జమ చేశారనుకోండి, అప్పు 124 నెలల్లోనే తీరుతుంది. వడ్డీ కూడా 10,85,000 దగ్గరే ఆగుతుంది. ఒక్క తేడా ఉంటుంది. అమ్మాయి ఫీజు కట్టవలసిన నెలలో ఆ 4,924 కట్టకపోయినా మిమ్మల్ని ఎవరూ అడగరు, సిబిల్‌లో మచ్చ పడదు. 26,035 కంతు రాసిచ్చాక ఒక్క నెల వంద రూపాయలు తగ్గినా అది ఎగవేత కిందికే వస్తుంది. కంతు తగ్గించుకున్నవారు ఎక్కువ కట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. గడువు తగ్గించుకున్నవారు రేపు కష్టం వచ్చి కంతు తగ్గించమని అడిగితే, అది బ్యాంకు ఒప్పుకుంటేనే జరుగుతుంది.

నిక్కచ్చి_రఘు
కారణం విషయంలో నా పొరపాటును ఒప్పుకుంటాను, నెలవారీ వడ్డీ విడదీసి చూపించినందుకు కృతజ్ఞతలు. కానీ ఆ 4,924 ప్రతి నెలా విడిగా జమ చేసేవారు ఎంతమంది? నా సంగతే చెబుతాను. 2021లో కంతును నాలుగు వేలు తగ్గించుకుని, ఆ నాలుగు వేలు అసలుకు కడతానని ఇంట్లో మాట ఇచ్చాను. మూడు నెలలు కట్టాను. నాలుగో నెల పెళ్లి, అయిదో నెల బండి రిపేరు, ఆ తర్వాత ఆ మాట ఎవరికీ గుర్తు లేదు. అందుకే గడువు తగ్గించుకోవడం మంచిదంటున్నాను. బలవంతం ఉంటేనే కొన్ని పనులు జరుగుతాయి.

అలిపిరి_ట్యాక్సీ
బలవంతం మంచిదే, సంపాదన కూడా బలవంతంగా రాగలిగితే.

బైరాగిపట్టెడ_సునీత
ఆ 4,924ను అప్పుకు కట్టే బదులు రికరింగ్ డిపాజిట్‌లో వేసుకుంటే ఎలా ఉంటుంది? చేతిలో సొమ్ము ఉన్నట్లూ ఉంటుంది, చివర్లో ఒకేసారి అప్పు తీర్చవచ్చు.

పాత_లెడ్జర్
సునీతగారూ, 6.5 శాతం వచ్చే డిపాజిట్‌లో 124 నెలలు వేస్తే 8,65,000 రూపాయల ప్రాంతంలో చేరుతుంది. అదే రోజున, కంతు తగ్గించుకున్న రుణంలో మిగిలి ఉండే అసలు 9,73,000. లక్షకు పైగా తక్కువ పడుతుంది, డిపాజిట్ వడ్డీకి పన్ను పడితే ఇంకా తక్కువ. 8.5 శాతానికి అప్పు ఉన్నవారు పన్ను పోగా 8.5 శాతం నికరంగా వచ్చే చోటు దొరికితేనే సొమ్మును అప్పుకు కట్టకుండా అక్కడ పెట్టాలి. అయితే ఆరు నెలల ఇంటి ఖర్చు డిపాజిట్‌లో ఉండడం వేరే విషయం, దానిని లాభనష్టాల లెక్కలో చూడకూడదు.

కొర్లగుంట_శేఖర్
అందరూ పన్ను సంగతి మరచిపోయారు. వడ్డీ తగ్గితే ఆదాయపు పన్నులో 2 లక్షల మినహాయింపు పోతుంది కదా. అందుకే మా ఆఫీసులో చాలామంది అప్పు తొందరగా తీర్చరు.

కాణిపాకం_వాసి
శేఖర్‌గారూ, సొంతంగా నివసించే ఇంటికి ఆ మినహాయింపు పాత పన్ను విధానం ఎంచుకున్నవారికే ఉంది, కొత్త విధానంలో లేదు. పాత విధానంలో 30 శాతం శ్లాబులో ఉన్నవారికి కూడా, వంద రూపాయల వడ్డీ కడితే సెస్సుతో కలిపి మిగిలేది ముప్పై ఒక్క రూపాయి చిల్లర. ముప్పై ఒకటి కోసం వంద ఖర్చు పెట్టడం నాకు అర్థం కాదు. పైగా 5 లక్షలు కట్టాక కూడా మొదటి ఏడాది పద్మగారు కట్టే వడ్డీ ఎలాగూ లక్షా డెబ్బై అయిదు వేలు దాటుతుంది.

పుత్తూరు_పద్మ
మా వారు కొత్త విధానమే ఎంచుకున్నారు, కాబట్టి పన్ను గొడవ మాకు లేదు. లెడ్జర్‌గారు చెప్పింది రెండు సార్లు చదివాను. నాకు తట్టిన ప్రశ్న ఒకటి అడుగుతాను. అమ్మాయి చదువు అయ్యే నాలుగేళ్లు 21,111 మాత్రమే కట్టి, ఆ తర్వాత మళ్లీ 26,035 చొప్పున కడితే అప్పు ఎప్పటికి తీరుతుంది? రఘుగారి భయం నాకూ ఉంది, కానీ నాలుగేళ్లు ఆ అయిదు వేలు ఫీజుకే పోతాయని ముందే తెలిసినప్పుడు దాగుడుమూతలు ఎందుకు అనిపిస్తోంది.

ఎక్సెల్_మురళి
లెక్క వేశాను. నాలుగేళ్ల తర్వాత అసలు 18,06,000 ఉంటుంది. అక్కడి నుంచి నెలకు 26,035 కడితే మరో 96 నెలలు. మొత్తం 144 నెలలు, సరిగ్గా 12 ఏళ్లు, అంటే మీ వారికి 58 నిండే నాటికి అప్పు తీరుతుంది. మొత్తం వడ్డీ 13,64,000 అవుతుంది. మొదటి నుంచీ గడువు తగ్గించుకోవడం కంటే 2,79,000 ఎక్కువ, చివరి దాకా తక్కువ కంతే కట్టడం కంటే 2,92,000 తక్కువ.

చివరి దాకా 21,111 మాత్రమే కడితే, మీ వారు విరమించే రోజున ఇంకా 6,69,000 అసలు మిగిలి ఉంటుంది. నన్ను ఆ అంకె భయపెట్టింది. పింఛను లేని ఇంట్లో మూడేళ్ల కంతులు విరమణ తర్వాతకు వెళ్లకూడదు.

మీ అంకెలు మారితే మీరే వేసుకోవడానికి సూత్రాలు ఇస్తున్నాను. మొదటిది ఎన్ని నెలలో చెబుతుంది, రెండోది కంతు ఎంతో చెబుతుంది.

```
=NPER(8.5%/12, -26035, 2143816)
=PMT(8.5%/12, 180, -2143816)
```

రేణిగుంట_భాస్కర్
కాగితం ఏది రాసిచ్చినా, ఆ తర్వాత నెల స్టేట్‌మెంట్ తప్పకుండా చూడండి. నా అనుభవం చెబుతాను, ఏ సంస్థ అన్నది అప్రస్తుతం. రెండేళ్ల క్రితం నేను 2 లక్షలు ఆన్‌లైన్‌లో రుణఖాతాకు పంపాను. రశీదు వచ్చింది, నిశ్చింతగా ఉన్నాను. ఐదు నెలల తర్వాత చూస్తే, ఆ సొమ్మును రాబోయే కంతులకు ముందస్తు చెల్లింపుగా పక్కన పెట్టి, నెలనెలా అందులోంచే కంతు కోసుకుంటున్నారు. అసలు ఒక్క రూపాయి కూడా అదనంగా తగ్గలేదు. నా జీతం ఖాతాలో కంతు కోత ఆగిందని నేను గమనించి ఉండాల్సింది. రాతపూర్వకంగా అడిగాక సరిదిద్దారు కానీ ఆ ఐదు నెలల వడ్డీ కోసం ఇంకో మూడు నెలలు తిరిగాను.

పాత_లెడ్జర్
భాస్కర్‌గారు చెప్పింది చాలా చోట్ల జరుగుతుంది. పద్మగారికి గుర్తు పట్టే పద్ధతి ఒకటే చెబుతాను. సొమ్ము జమ అయిన మరుసటి పూర్తి నెలలో వడ్డీ గడి చూడండి. అక్కడ 15,185కు దగ్గరి అంకె ఉంటే అసలు తగ్గినట్లే. రోజుల లెక్కన వడ్డీ వేసే చోట, 30 రోజుల నెల, 31 రోజుల నెల అన్న తేడాతో రెండు మూడు వందలు అటూ ఇటూ కావచ్చు. 18,700 ప్రాంతంలోనే ఉంటే మీ 5 లక్షలు ఎక్కడో పక్కన కూర్చున్నాయని అర్థం, ఆ రోజే వెళ్లి అడగండి. దరఖాస్తులో "అసలు కింద జమ చేయవలెను" అన్న మాట రాసి, తేదీతో నకలు మీద సంతకం తీసుకోండి.

కంతు తగ్గించుకుంటే మరొక పని కూడా ఉంది. జీతం ఖాతా నుంచి ప్రతి నెలా కోసుకోవడానికి మీరు ఇచ్చిన ఆదేశం 26,035కు ఉంటుంది. కొత్త మొత్తంతో కోత మొదలైందో లేదో, కొత్త చెల్లింపు పట్టిక చేతికి వచ్చిందో లేదో చూసుకోండి. ఇక వ్యక్తులు సొంత ఇంటికి తీసుకున్న చర వడ్డీ రుణాలకు ముందస్తు చెల్లింపు రుసుము వసూలు చేయకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే బ్యాంకులకు చెప్పింది. మీ స్థిర వడ్డీ కాలం ముగిశాకే కడుతున్నారు కాబట్టి ఆ చిక్కు మీకు లేదు.

నిక్కచ్చి_రఘు
చర వడ్డీ అన్నారు కాబట్టి ఒక మాట. రేపు రేటు పెరిగితే ఏ దారిలో ఉన్నవారికి దెబ్బ ఎక్కువ?

ఎక్సెల్_మురళి
మంచి ప్రశ్న, వేసి చూశాను. 5 లక్షలు కట్టిన వెంటనే రేటు 9.5కు చేరిందనుకుందాం, కంతు మార్చలేదనుకుందాం. 26,035 కట్టేవారికి 124 నెలలు 134 అవుతాయి. 21,111 కట్టేవారికి 180 నెలలు 207 అవుతాయి. ఒకరికి పది నెలలు, మరొకరికి ఇరవై ఏడు నెలలు. ఇంత తేడా వస్తుందని నేను ఊహించలేదు.

పాత_లెడ్జర్
కంతులో అసలుకు వెళ్లే భాగం ఎంత పలుచగా ఉంటే రేటు పెరుగుదల అంత గట్టిగా తగులుతుంది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి మధ్య రెపో రేటు 4 నుంచి 6.5 శాతానికి చేరినప్పుడు, కంతు మారలేదని సంతోషించిన చాలామంది గడువు ఏళ్ల తరబడి పెరిగిందని ఆలస్యంగా తెలుసుకున్నారు. ఆ తర్వాతే, 2023 ఆగస్టులో, రేటు మారినప్పుడు కంతు పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా, రెండూ కొంత కొంత చేసుకోవాలా అని ఎంచుకునే వీలు రుణగ్రహీతకే ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఎన్ని కంతులు మిగిలాయో ప్రతి మూడు నెలలకు ఒక స్టేట్‌మెంట్‌లో తెలపాలని కూడా అందులో ఉంది. తక్కువ కంతు ఎంచుకున్నవారు ఆ స్టేట్‌మెంట్‌ను చదవకుండా పక్కన పడేయకూడదు. ఈ ఒక్క విషయంలో రఘుగారి వాదనకు నేను చెప్పినదానికంటే ఎక్కువ బలం ఉంది.

అలిపిరి_ట్యాక్సీ
పద్మమ్మా, నాదొక మాట. 5 లక్షలూ కట్టేయకండి. ఒక లక్ష మీ దగ్గర ఉంచుకోండి. అప్పుకు కట్టిన సొమ్మును మళ్లీ వెనక్కి ఇమ్మంటే ఎవరూ ఇవ్వరు.

ఎక్సెల్_మురళి
4 లక్షలే కట్టి కంతు 26,035 ఉంచితే 124 బదులు 134 నెలలు. వడ్డీ లక్షన్నర దాకా ఎక్కువ. చేతిలో లక్ష ఉండడానికి పదేళ్లలో అయ్యే ఖర్చు అది. ఆ లక్ష మీద వచ్చే డిపాజిట్ వడ్డీని ఇందులోంచి తీసివేయాలి.

నిక్కచ్చి_రఘు
లక్ష కోసం లక్షన్నరా? నాకు మనసొప్పదు.

అలిపిరి_ట్యాక్సీ
నేను 2020లో వడ్డీ వ్యాపారి దగ్గర నెలకు నూటికి మూడు రూపాయలకు తెచ్చాను. సంవత్సరానికి ఎంతో మీరే వేసుకోండి.

పుత్తూరు_పద్మ
నిన్న రాత్రి మా వారితో కూర్చుని అన్నీ చదివాము. కంతును 21,111కు తగ్గించమని రాసిస్తాము. అమ్మాయి చదువు ఉన్న నాలుగేళ్లు అంతే కడతాము, ఐదో ఏడాది మొదటి నెల నుంచి 4,924 రూపాయలు రుణఖాతాకు వెళ్లేలా జీతం ఖాతాలో ఆదేశం ముందుగానే ఇచ్చి ఉంచుతాము, కుదరకపోతే ఆ తేదీ గోడ క్యాలెండర్‌లో రాసుకుంటాము. రఘుగారి మాట మీద ఉన్న గౌరవంతో ఇంకొకటి కూడా అనుకున్నాము, కుట్టుపనిలో దసరాకు, సంక్రాంతికి వచ్చే ఎక్కువ సొమ్ములో కొంతైనా ఆ నాలుగేళ్లలోనూ అసలుకు కడతాము.

లక్ష చేతిలో ఉంచుకోవాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. మా వారు మొత్తం కట్టేద్దామంటున్నారు, నాకు అలిపిరి అన్న మాటే మనసులో ఉంది. సోమవారం బ్యాంకుకు వెళ్లేలోగా తేల్చుకోవాలి.

రేణిగుంట_భాస్కర్
సోమవారం నకలు మీద సంతకం మరచిపోకండి. వచ్చే నెల వడ్డీ గడిలో ఎంత వచ్చిందో ఇక్కడ రాయండి.